837 మీద నిలిచే ముల్లు

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే దారిలో సూర్యాపేట దాదాపు సగం దూరంలో ఉంటుంది. అక్కడ ఒక మీడియం వేవ్ రేడియో పెట్టారనుకోండి. ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్జ్, హైదరాబాదు 738 కిలోహెర్ట్జ్. రెండు కేంద్రాల తరంగాలూ ఒకేసారి వచ్చి ఆ రేడియో లోపలి కడ్డీకి తగులుతాయి. రాత్రయితే ఇంకా దూరపు కేంద్రాలూ వచ్చి చేరతాయి. కడ్డీకి ఎంపిక చేసుకునే శక్తి లేదు. వచ్చినవన్నీ కలగలిపి అందుకుంటుంది. అయినా ముల్లును 837 మీద నిలిపితే విజయవాడ వార్తలే వినిపిస్తాయి, హైదరాబాదు పాటలు వాటి మధ్యలోకి రావు.

ఈ ఏరివేత పని చేసేవి రెండే రెండు వస్తువులు: ఒక కాయిల్, ఒక కండెన్సర్. ఆ రెండూ కలిసి ఏ పౌనఃపున్యాన్ని పట్టుకుంటాయి, దానికి అటూ ఇటూ ఎంత మేర రానిస్తాయి, ఎంత గట్టిగా పట్టుకుంటాయి అన్నవి ఈ వ్యాసంలోని మూడు ప్రశ్నలు. మొదటిదాన్ని అనునాద పౌనఃపున్యం అంటారు, రెండోదాన్ని బ్యాండ్‌విడ్త్, మూడోదాన్ని క్యూ ఫ్యాక్టర్. మూడూ విడివిడి సంగతులుగా పుస్తకాల్లో కనిపిస్తాయి గానీ, ఒక్క రేడియోను పట్టుకుని లెక్క వేస్తే ఒకదాని నుంచి ఇంకొకటి ఎలా వస్తుందో తెలుస్తుంది.

రెండు దారులు, ఒకే వోల్టేజి

రేడియో వెనక మూత తీస్తే ముదురు బూడిదరంగు ఫెరైట్ కడ్డీ ఒకటి కనిపిస్తుంది. దాని మీద సన్నని తీగ దగ్గర దగ్గరగా చుట్టి ఉంటుంది. అది కాయిల్. ట్యూనింగ్ నాబ్ తిప్పినప్పుడు లోపల తిరిగేది గ్యాంగ్ కండెన్సర్. అందులో కదలని రేకుల వరుస ఒకటి, వాటి సందుల్లోకి దూరే కదిలే రేకుల వరుస ఒకటి ఉంటాయి. కాయిల్ రెండు కొసలూ కండెన్సర్ రెండు కొసలకు కలిపి ఉంటాయి. కాబట్టి రెండింటి మీదా ఎప్పుడూ ఒకే వోల్టేజి ఉంటుంది. దీన్నే సమాంతర ట్యూన్డ్ సర్క్యూట్ అంటారు.

తరంగాలు కాయిల్‌లో పుట్టించే విద్యుత్తును ఈ జంటలోకి బయటి నుంచి పంపిన కరెంటుగా ఊహించుకోవచ్చు. ఆ కరెంటుకు రెండు దారులున్నాయి. కాయిల్ నెమ్మదైన కంపనాలను తేలిగ్గా పోనిస్తుంది, వేగమైనవాటిని అడ్డుకుంటుంది. కండెన్సర్ దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. తక్కువ పౌనఃపున్యంతో వచ్చిన కరెంటు కాయిల్ గుండా జారిపోతుంది. ఎక్కువ పౌనఃపున్యంతో వచ్చింది కండెన్సర్ గుండా జారిపోతుంది. రెండు సందర్భాల్లోనూ జంట మీద చెప్పుకోదగ్గ వోల్టేజి నిలవదు.

మధ్యలో ఒక్కచోట మాత్రం రెండు దారుల అడ్డూ సమానమవుతుంది. అప్పుడు కాయిల్‌లోని కరెంటు, కండెన్సర్‌లోని కరెంటు పరిమాణంలో సమానంగా, దిశలో ఎదురెదురుగా ఉంటాయి. కాయిల్ వదిలినదాన్ని కండెన్సర్ తీసుకుంటుంది, మరుక్షణం కండెన్సర్ వదిలినదాన్ని కాయిల్ తీసుకుంటుంది. ఇచ్చిపుచ్చుకోవడం వాటి మధ్యనే జరిగిపోతుంది కనుక బయటి కరెంటుకు లోపల దారి దాదాపు మూసుకుపోయినట్టే. జంట పెద్ద నిరోధంలా నిలబడుతుంది, దాని మీద పెద్ద వోల్టేజి ఏర్పడుతుంది. ఆ పౌనఃపున్యమే అనునాద పౌనఃపున్యం. విలియం థామ్సన్, అంటే తర్వాతి కాలపు లార్డ్ కెల్విన్, కండెన్సర్ నుంచి కాయిల్ గుండా విద్యుత్తు ఇలా ఊగిసలాడగలదని 1853లోనే గణితంతో చూపించాడు. రేడియో అప్పటికి ఇంకా పుట్టలేదు. ఆయన లెక్క నుంచి వచ్చే సూత్రం ఇది:

f = 1 / (2π√(LC))

L అంటే కాయిల్ ప్రేరకత్వం, C అంటే కండెన్సర్ సామర్థ్యం. మన రేడియోలో కాయిల్ విలువ 200 మైక్రోహెన్రీలు అనుకుందాం. మీడియం వేవ్ కడ్డీ కాయిల్‌కు ఇది సహజమైన విలువ. 837 కిలోహెర్ట్జ్ పట్టుకోవాలంటే కండెన్సర్ సుమారు 181 పికోఫారడ్లు ఉండాలి. హైదరాబాదు 738కి వెళ్లాలంటే నాబ్ తిప్పి సుమారు 232 పికోఫారడ్లకు పెంచాలి.

ఇక్కడ వర్గమూలం చేసే పని గమనించాలి. పౌనఃపున్యం మూడు రెట్లు కావాలంటే కండెన్సర్ తొమ్మిదో వంతుకు తగ్గాలి. మన దేశంలో మీడియం వేవ్ బ్యాండు 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ వరకు. అంటే ఇంచుమించు మూడు రెట్లు. 200 మైక్రోహెన్రీల కాయిల్‌తో ఈ బ్యాండంతా తిరగాలంటే కండెన్సర్ 449 నుంచి 49 పికోఫారడ్ల దాకా మారాలి. గ్యాంగ్ కండెన్సర్లను అంత విస్తారంగా మారేలా చేయడానికి కారణం ఇదే.

నష్టం ఎక్కడ దాగి ఉంది

సూత్రంలో కాయిల్, కండెన్సర్ రెండే ఉన్నాయి. నష్టం అనేది అందులో కనిపించదు. నిజమైన కాయిల్‌లో అది తప్పకుండా ఉంటుంది, క్యూ కథంతా అక్కడే మొదలవుతుంది.

ఉయ్యాలను ఒకసారి ఊపి వదిలేస్తే కొంతసేపు ఊగి ఆగుతుంది. కీళ్ల దగ్గర రాపిడి తక్కువైతే ఎక్కువసేపు ఊగుతుంది. మన జంటలోనూ అంతే. శక్తి ఒకసారి కండెన్సర్‌లో విద్యుత్ క్షేత్రంగా, మరోసారి కాయిల్‌లో అయస్కాంత క్షేత్రంగా ఉంటూ అటూ ఇటూ మారుతుంది. ప్రతి ఊపులో కొంత వేడిగా పోతుంది. నిలవ ఉన్న శక్తికీ, ఒక్క ఊపులో పోయే శక్తికీ ఉన్న నిష్పత్తిని 2πతో గుణిస్తే వచ్చేదే క్యూ. క్యూ 100 ఉన్న సర్క్యూట్‌ను ఒకసారి కదిపి వదిలేస్తే దాని ఊపు సుమారు 32 కంపనాల తర్వాత మొదటి ఎత్తులో 37 శాతానికి దిగుతుంది. 837 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ 32 కంపనాలకు పట్టే కాలం దాదాపు 38 మైక్రోసెకన్లు.

మన కాయిల్ లెక్కలు చూద్దాం. 837 కిలోహెర్ట్జ్ దగ్గర 200 మైక్రోహెన్రీల అడ్డు 1052 ఓములు. అదే చోట 181 పికోఫారడ్ల అడ్డు కూడా అంతే. కాయిల్‌లోని నష్టాలన్నీ కలిపి పదిన్నర ఓముల నిరోధంతో సమానం అనుకుందాం. 1052ను 10.5తో భాగిస్తే క్యూ 100. కాయిల్‌ను మల్టీమీటర్‌తో కొలిస్తే ఈ పదిన్నర ఓములు కనిపించవు, అంతకంటే బాగా తక్కువ చూపిస్తుంది. మీటరు పంపేది నిలకడైన కరెంటు. రేడియో పౌనఃపున్యంలో కరెంటు తీగ మొత్తం మందంలో పారదు, పైపొరకే పరిమితమవుతుంది. దానికి ఫెరైట్‌లోని నష్టం కూడా తోడవుతుంది. కడ్డీ కాయిల్‌ను ఒకే లావుపాటి తీగతో కాకుండా, విడివిడిగా పూత పూసిన సన్నని పోగులను పురిపెట్టిన లిట్జ్ తీగతో చుట్టేది ఇందుకే. పోగులు ఎక్కువైతే కరెంటు పారే ఉపరితలం పెరుగుతుంది, నష్టం తగ్గుతుంది.

ఈ నష్టాన్ని ఇంకో వైపు నుంచి చూడవచ్చు. అనునాదం దగ్గర జంట మొత్తం ఒక నిరోధంలా కనిపిస్తుందని చెప్పుకున్నాం. దాని విలువ 1052కు 100 రెట్లు, అంటే సుమారు 105 కిలో ఓములు. జంట మీద ఒక వోల్టు ఉంటే బయటి నుంచి రావలసిన కరెంటు పది మైక్రోఆంపియర్లకు కాస్త తక్కువ. కాయిల్, కండెన్సర్ల మధ్య లోపల తిరిగే కరెంటు దానికి వంద రెట్లు, దాదాపు ఒక మిల్లీఆంపియర్. ఆ నిష్పత్తి కూడా క్యూనే.

ఎంత వెడల్పు కావాలి

ట్యూన్డ్ సర్క్యూట్ 837ను మాత్రమే పట్టుకుని పక్కనున్న 836ను పూర్తిగా వదిలేయదు. శిఖరం నుంచి రెండువైపులా క్రమంగా దిగుతుంది. ఆ దిగుడులో వోల్టేజి శిఖరంలో 70.7 శాతానికి చేరిన రెండు చోట్లను హద్దులుగా తీసుకుంటారు. అక్కడ శక్తి సరిగ్గా సగం అవుతుంది. ఆ రెండు హద్దుల మధ్య దూరమే బ్యాండ్‌విడ్త్. దానికీ క్యూకీ ఉన్న సంబంధం చాలా సరళం:

బ్యాండ్‌విడ్త్ = f / Q

837ను 100తో భాగిస్తే 8.37 కిలోహెర్ట్జ్. హద్దులు సుమారు 832.8 దగ్గర, 841.2 దగ్గర ఉంటాయి.

ఇంత వెడల్పు చాలునా, ఎక్కువా? జవాబు ప్రసారంలోనే ఉంది. విజయవాడ కేంద్రం పంపేది ఒంటరి 837 మాత్రమే కాదు. మాట, పాట దాని మీద ఎక్కినప్పుడు రెండువైపులా పక్క పట్టీలు ఏర్పడతాయి. 4.5 కిలోహెర్ట్జ్ వరకు శబ్దం పంపితే ప్రసారం 832.5 నుంచి 841.5 వరకు, అంటే 9 కిలోహెర్ట్జ్ మేర పరుచుకుంటుంది. మన ప్రాంతంలో మీడియం వేవ్ కేంద్రాలను 9 కిలోహెర్ట్జ్ ఎడంతో కేటాయిస్తారు. 837కు ఇరుగుపొరుగు స్థానాలు 828, 846.

క్యూ ఎంత ఎక్కువైతే అంత మేలు అనిపించవచ్చు. అది నిజం కాదు. క్యూ 300 ఉన్న సర్క్యూట్ తీసుకుంటే బ్యాండ్‌విడ్త్ 2.8 కిలోహెర్ట్జ్‌కు కుంచించుకుపోతుంది. అందులో 3 కిలోహెర్ట్జ్ శబ్దం తన అసలు బలంలో 42 శాతానికి పడిపోతుంది. లోతైన గొంతు బాగానే వినిపిస్తుంది గానీ మాట మసకబారుతుంది. ముఖ్యంగా శ, ష, స అక్షరాల తేడా పై పౌనఃపున్యాల్లోనే ఉంటుంది కనుక అవి ఒకదాన్నొకటి పోలి వినిపిస్తాయి. దీనికి కారణం ఇందాకటి ఊపులోనే ఉంది. ఊపు త్వరగా తగ్గని సర్క్యూట్, శబ్దంలో వచ్చే త్వరిత మార్పులను అనుసరించలేదు. పాత ఊపు చల్లారేలోపు కొత్త మార్పు వచ్చేస్తుంది. గట్టిగా పట్టుకోవడానికీ, త్వరగా స్పందించడానికీ మధ్య బేరం ఇది. ఏ తెలివైన కాయిల్ దీన్ని తప్పించలేదు.

కలిపినవాళ్లూ నష్టంలో భాగస్వాములే

ఇక అసలు విషయానికి వద్దాం. కాయిల్, కండెన్సర్ వాటంతట అవి ఉన్నప్పుడు క్యూ 100. కానీ ఆ వోల్టేజిని ఎవరో వాడుకోవాలి. ట్రాన్సిస్టర్ రేడియోలో ఆ పని మొదటి ట్రాన్సిస్టర్‌ది. దాని ఇన్‌పుట్ నిరోధం 2 కిలో ఓములు అనుకుందాం. దాన్ని నేరుగా కాయిల్ రెండు కొసలకు కలిపేస్తే ఏమవుతుంది?

105 కిలో ఓముల పక్కన 2 కిలో ఓములు సమాంతరంగా చేరితే మొత్తం 1.96 కిలో ఓములే. దాన్ని 1052తో భాగిస్తే క్యూ 1.87. వందగా ఉన్నది రెండు కూడా లేకుండా పోయింది. బ్యాండ్‌విడ్త్ 8.37 నుంచి 448 కిలోహెర్ట్జ్‌కు ఎగబాకింది. అనునాద పౌనఃపున్యం మాత్రం 837 దగ్గరే ఉంది, ముల్లు తప్పు చోట లేదు. కానీ మన సూర్యాపేట శ్రోతకు రెండు కేంద్రాలూ సమాన బలంతో అందుతున్నాయనుకుంటే, ముల్లు విజయవాడ మీద ఉండగానే హైదరాబాదు దానిలో 90 శాతం బలంతో వినిపిస్తుంది. అంటే ఏరివేత అన్నదే లేదు.

ఇలా కాకుండా చేయడానికే ఫెరైట్ కడ్డీ మీద పెద్ద కాయిల్ పక్కన కొద్ది చుట్ల చిన్న కాయిల్ ఇంకొకటి ఉంటుంది. ట్రాన్సిస్టర్‌ను కలిపేది దానికి. పెద్ద కాయిల్ 80 చుట్లయితే చిన్నది 8 చుట్లు అనుకుందాం. రెండింటి మధ్య అయస్కాంత బంధం గట్టిగా ఉందని కూడా అనుకుందాం. చుట్ల నిష్పత్తి 10. నిరోధం మారేది ఆ నిష్పత్తి వర్గంతో. కాబట్టి 2 కిలో ఓములు పెద్ద కాయిల్ వైపు నుంచి చూస్తే వంద రెట్లయి 200 కిలో ఓములుగా కనిపిస్తాయి. 105కు 200 సమాంతరంగా కలిస్తే సుమారు 69 కిలో ఓములు. క్యూ 65, బ్యాండ్‌విడ్త్ దాదాపు 13 కిలోహెర్ట్జ్. ఇప్పుడు హైదరాబాదు విజయవాడలో పదహారో వంతు బలానికి పడిపోతుంది.

పదో వంతు చుట్లు వాడాం కదా, సిగ్నల్ కూడా పదో వంతే వస్తుంది, నష్టపోయామేమో అన్న సందేహం సహజం. లెక్క చేసి చూడండి. నేరుగా కలిపినప్పుడు పెద్ద కాయిల్ మీది వోల్టేజే దాని సహజ విలువలో 1.9 శాతానికి కుప్పకూలింది, ట్రాన్సిస్టర్‌కు అందింది అంతే. చిన్న కాయిల్ వాడినప్పుడు పెద్ద కాయిల్ వోల్టేజి 66 శాతం నిలిచింది, అందులో పదో వంతు అంటే 6.6 శాతం ట్రాన్సిస్టర్‌కు చేరింది. మూడున్నర రెట్లు ఎక్కువ. తక్కువ చుట్ల నుంచి తీసుకుంటే ఏరివేత మెరుగుపడడమే కాదు, సిగ్నల్ కూడా పెరిగింది.

చిన్న కాయిల్‌కు ఇంకొన్ని చుట్లు పెంచితే? సిగ్నల్ గరిష్ఠంగా అందేది చుట్ల నిష్పత్తి 7.25 దగ్గర. అక్కడ ట్రాన్సిస్టర్ నిరోధం పెద్ద కాయిల్ వైపు సరిగ్గా 105 కిలో ఓములుగా కనిపిస్తుంది. అయితే అందే వోల్టేజి 6.9 శాతమే. 6.6 నుంచి 6.9కి వచ్చిన ఈ చిన్న లాభం కోసం క్యూ 50కి దిగుతుంది, బ్యాండ్‌విడ్త్ 17 కిలోహెర్ట్జ్‌కు చేరువవుతుంది. రేడియో రూపకర్త ఆ కాస్త సిగ్నల్‌ను వదులుకుని ఏరివేతను కాపాడుకోవడానికి కారణం ఈ అంకెల్లోనే ఉంది.

ఈ లెక్కంతా చెప్పేది ఒక్కటే. అనునాద పౌనఃపున్యాన్ని కాయిల్, కండెన్సర్ నిర్ణయిస్తాయి. వెడల్పును నష్టం నిర్ణయిస్తుంది. ఆ నష్టంలో కాయిల్ వాటా కొంతే, తక్కినది దానికి మనం తగిలించినవాటిది. కాయిల్ మీద రాసిన క్యూ వేరు, పనిచేస్తున్న సర్క్యూట్ క్యూ వేరు.

కొలిచేటప్పుడు కొలిచే పరికరమే చెడగొడుతుంది

ఇదే విషయం ప్రయోగశాలలో విద్యార్థులను బాగా ఇబ్బంది పెడుతుంది. కొలిచే పద్ధతి సులువుగానే కనిపిస్తుంది. సిగ్నల్ జనరేటర్ నుంచి పౌనఃపున్యం నెమ్మదిగా మారుస్తూ, ఆసిలోస్కోప్‌లో సర్క్యూట్ మీది వోల్టేజి చూడాలి. అత్యధికం ఎక్కడుందో రాసుకోవాలి. తర్వాత కిందికి వెళ్లి 70.7 శాతం చోటు, పైకి వెళ్లి 70.7 శాతం చోటు రాసుకోవాలి. రెండింటి తేడా బ్యాండ్‌విడ్త్, దానితో శిఖర పౌనఃపున్యాన్ని భాగిస్తే క్యూ.

జనరేటర్‌ను నేరుగా సర్క్యూట్‌కు కలిపితే శిఖరమే కనిపించదు. సాధారణంగా దాని ఔట్‌పుట్ నిరోధం 50 ఓములు. 105 కిలో ఓముల పక్కన 50 ఓములు పెట్టిన తర్వాత ఊగడానికేమీ మిగలదు. తెర మీద గీత ఏ పౌనఃపున్యానికైనా ఒకే ఎత్తులో ఉంటుంది. విద్యార్థి కాయిల్ పాడైందనుకుంటాడు. జనరేటర్‌కూ సర్క్యూట్‌కూ మధ్య ఒక మెగా ఓమ్ నిరోధం పెట్టడం గానీ, జనరేటర్ తీగతో ఒకటి రెండు చుట్ల వలయం చేసి కడ్డీకి కొంచెం దూరంగా ఉంచడం గానీ చేస్తే శిఖరం పైకి లేస్తుంది.

ఆసిలోస్కోప్ ప్రోబ్ చేసే చెరుపు ఇంకో రకం. ఎక్స్ 10 స్థానంలో దాని నిరోధం 10 మెగా ఓములు, అది క్యూను పెద్దగా తగ్గించదు. కానీ 15 పికోఫారడ్ల వరకు సామర్థ్యాన్ని మన 181కి కలుపుతుంది. శిఖరం 837 నుంచి 804 కిలోహెర్ట్జ్‌కు జరుగుతుంది. ఎక్స్ 1 స్థానంలో ఆ సామర్థ్యం వంద పికోఫారడ్ల దాకా ఉండవచ్చు. అప్పుడు శిఖరం 672 దగ్గర దొరుకుతుంది. ప్రోబ్‌ను కొసలకు తాకించకుండా దగ్గరలో ఉంచి చూడటమో, దాని సామర్థ్యాన్ని కండెన్సర్ విలువలో కలిపి లెక్కించడమో చేయాలి. వైర్ల మధ్య ఉండే సామర్థ్యం కూడా ఇలాగే కలుస్తుంది. రేడియోలో గ్యాంగ్ కండెన్సర్ పక్కన చిన్న ట్రిమ్మర్లు ఉండేది ఆ అదనపు విలువను సర్దడానికే.

సూత్రం గురించి ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. కాయిల్‌లో నిరోధం ఉన్నప్పుడు అసలు అనునాదం f = 1 / (2π√(LC)) చెప్పినదానికంటే కొంచెం కింద ఉంటుంది. క్యూ 100 ఉంటే ఆ తేడా 837 కిలోహెర్ట్జ్‌లో 42 హెర్ట్జ్ మాత్రమే, పట్టించుకోనక్కర్లేదు. కాయిల్ తీగ నిరోధం వల్లనే క్యూ 2కు దిగజారితే మాత్రం తేడా 13 శాతం దాటుతుంది, సాధారణ సూత్రం నమ్మదగినది కాదు.

బాగుచేసేవారికి ఈ రెండు రకాల చెరుపుల మధ్య తేడా చాలా ఉపయోగం. కేంద్రం డయల్ మీద తప్పు చోట వినిపిస్తుంటే తప్పు ప్రేరకత్వంలోనో సామర్థ్యంలోనో ఉంది. ఫెరైట్ కడ్డీ విరిగి ఉండవచ్చు. మైనం కరిగి కాయిల్ కడ్డీ చివరికి జరిగి ఉండవచ్చు. కడ్డీ మధ్యలో ఉన్నప్పుడు కాయిల్ ప్రేరకత్వం ఎక్కువ, చివరికి జరిగేకొద్దీ తగ్గుతుంది. కేంద్రం సరైన చోటే ఉండి, బలహీనంగా వినిపిస్తూ పక్క కేంద్రం కలుస్తుంటే తప్పు క్యూలో ఉంది. లిట్జ్ తీగలో కొన్ని పోగులు తెగి ఉండవచ్చు, చెమ్మ పట్టి ఉండవచ్చు, కాయిల్‌కు కలిసిన ట్రాన్సిస్టర్ దెబ్బతిని ఎక్కువ కరెంటు లాగుతుండవచ్చు. మొదటి రకాన్ని ట్రిమ్మర్ తిప్పి సరిచేయవచ్చు. రెండో రకం ట్రిమ్మర్‌కు లొంగదు.

ఒక్క సర్క్యూట్ చేయలేని పని

ఇంత జాగ్రత్తగా చేసినా మన కడ్డీ సర్క్యూట్‌కు ఒక పరిమితి ఉంది. హైదరాబాదు 99 కిలోహెర్ట్జ్ దూరంలో ఉంది కాబట్టి పదహారో వంతుకు తగ్గింది. సరిగ్గా పక్కనున్న 846 మీద బలమైన కేంద్రం ఉంటే? క్యూ 65తో అది 58 శాతం బలంతో లోపలికి వస్తుంది. అంతేకాదు, బ్యాండ్‌విడ్త్ పౌనఃపున్యంతో పాటు మారుతుంది. క్యూ 65 దగ్గరే ఉంటుందనుకుంటే 531 దగ్గర వెడల్పు దాదాపు 8 కిలోహెర్ట్జ్, 1602 దగ్గర దాదాపు 25. డయల్ ఒక చివర శబ్దం మసకగా, ఇంకో చివర పక్క కేంద్రాలతో కలిసి వినిపించే పరిస్థితి.

దీనికి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో రూపొందించిన సూపర్ హెటరోడైన్ పద్ధతి జవాబు. ఏ కేంద్రాన్ని ఎంచుకున్నా దాన్ని ఒకే స్థిరమైన పౌనఃపున్యానికి, సాధారణంగా 455 కిలోహెర్ట్జ్‌కు మార్చేస్తారు. 837 వినాలంటే రేడియో లోపలి ఆసిలేటర్ 1292 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, రెండింటి తేడా 455. అసలు ఏరివేత ఆ 455 దగ్గర జరుగుతుంది. రేడియో బోర్డు మీద పసుపు, తెలుపు, నలుపు రంగు కోర్లతో కనిపించే చిన్న లోహపు డబ్బాలే ఐ.ఎఫ్. ట్రాన్స్‌ఫార్మర్లు. ఒక్కొక్క డబ్బాలో ఒక సమాంతర ట్యూన్డ్ సర్క్యూట్ ఉంటుంది. పౌనఃపున్యం మారదు కాబట్టి బ్యాండ్‌విడ్త్ కూడా మారదు. 455 అనేది 837 కంటే తక్కువ కాబట్టి 9 కిలోహెర్ట్జ్ వెడల్పుకు ఒక్క సర్క్యూట్‌కు క్యూ 50 చాలు.

మూడింటిని వరుసగా పెట్టినప్పుడు వాటి దిగుడులు ఒకదానిమీద ఒకటి పడి మొత్తం బ్యాండ్‌విడ్త్ సగానికి వచ్చేస్తుంది. అందుకే మొత్తం 9 కిలోహెర్ట్జ్ మిగలాలంటే ఒక్కొక్కటి 17 లేదా 18 కిలోహెర్ట్జ్ వెడల్పుతో, క్యూ 26 దగ్గర ఉంటే సరిపోతుంది. ప్రతి డబ్బాలోనూ ట్రాన్సిస్టర్‌కు కలిపే తీగ కాయిల్ మధ్య నుంచో, తక్కువ చుట్ల రెండో కాయిల్ నుంచో వస్తుంది. కడ్డీ మీద చూసిన లెక్కే అక్కడా పనిచేస్తోంది.

అలాగని కడ్డీ సర్క్యూట్ పని అయిపోలేదు. ఆసిలేటర్ 1292 దగ్గర ఉన్నప్పుడు 1747 కిలోహెర్ట్జ్ మీద ఏదైనా సిగ్నల్ వస్తే దాని తేడా కూడా 455. ఐ.ఎఫ్. డబ్బాలకు ఈ రెండింటి మధ్య తేడా తెలిసే వీలు లేదు. వాటి దగ్గరికి చేరకముందే దాన్ని ఆపగలిగేది కడ్డీ సర్క్యూట్ ఒక్కటే. క్యూ 65తో అది 1747ను 837లో నూటికి ఒక వంతుకు తగ్గిస్తుంది. అదే 1.87 క్యూతో అయితే మూడో వంతు బలంతో రానిస్తుంది. ఎన్ని డబ్బాలు పెట్టినా ఆ జోరీగను తర్వాత తీసివేయలేం. ఎనిమిది చుట్ల ఆ చిన్న కాయిల్ నిష్పత్తి సరిగ్గా ఉంటేనే, దాని వెనకున్న రేడియో మొత్తం తన పని చేయగలుగుతుంది.